గడ్డం కింది చీకటి: స్నానాల గది అద్దం, దీపాల ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు, ఆదివారం

మా నాన్నగారికి 76 ఏళ్లు. ఇప్పటికీ బ్లేడు మార్చుకునే పాతకాలపు రేజరుతో, బ్రష్షుతో నురుగు కలుపుకొని, రోజు విడిచి రోజు గడ్డం గీసుకుంటారు. గత కొన్ని నెలలుగా ఆయన దవడ ఎముక కింద, మెడ మొదలయ్యే చోట, రెండు వైపులా తెల్ల వెంట్రుకలు కుచ్చులుగా మిగిలిపోతున్నాయి. వాటిని తీయబోయి అదే చోట గాటు పెట్టుకోవడం కూడా మామూలైపోయింది. చూపు తగ్గిందని ఆయన, చెయ్యి వణుకుతోందని అమ్మ అనుకుంటూ వచ్చారు. ఈ ఉదయం నేను అదే వాష్‌బేసిన్ ముందు నిలబడి, తల పైకెత్తి, నా మెడను అద్దంలో చూసుకునే ప్రయత్నం చేశాను. నా కళ్లు బాగానే ఉన్నాయి, అయినా ఆ చోటు నాకూ కనబడలేదు, ఎందుకంటే అక్కడ వెలుగే లేదు.

గుంటూరులోని మా ఫ్లాటులో ఈ స్నానాల గది నాలుగున్నర అడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉంటుంది. గది మధ్యలో, పైకప్పుకు ఒక గుండ్రని ఎల్ఈడీ ప్యానెల్ ఉంది. వాష్‌బేసిన్ ముందు నిలబడితే అది మన తల వెనక్కి వస్తుంది, అంటే ముఖానికి కాదు, పెడతలకు వెలుగిస్తుంది. రెండోది అద్దం పైన, నేల నుంచి 72 అంగుళాల ఎత్తున, వంపు హోల్డరులో బిగించిన 9 వాట్ల బల్బు. అది నుదుటిని, ముక్కు పైభాగాన్ని, చెంపల పైభాగాన్ని వెలిగించి, కనుగుంటల్లో, ముక్కు కింద, గడ్డం కింద నీడలు వేస్తుంది. గడ్డం గీసుకునేవాడికి కావలసిన చోట్లు ఈ మూడింటిలో రెండు. పైగా వాష్‌బేసిన్ చుట్టూ ఉన్న గట్టు నల్ల గ్రానైట్‌ది కాబట్టి, కింద పడిన వెలుగు తిరిగి పైకి లేచే అవకాశమూ లేదు.

ఫోనులో వెలుగు కొలిచే ఆప్ ఒకటి వేసుకొని కొన్ని కొలతలు తీశాను. ఫోను చెప్పే అంకెలు ప్రయోగశాల కొలతలు కావు, కానీ అదే ఫోనుతో, అదే చోట, ముందూ వెనుకా పోల్చుకోవడానికి సరిపోతాయి. నాన్నగారు నిలబడే చోట, అంటే అద్దానికి 20 అంగుళాల దూరంలో, ఫోను ముఖాన్ని అద్దం వైపు తిప్పి చెంప ఎత్తున పట్టుకుంటే 160 లక్స్ వచ్చింది. అదే ఫోనును దవడ ఎత్తున, ముందుకూ కిందికీ సగం వాలుగా పట్టుకుంటే, అంటే దవడ కింది చర్మం ఎటు చూస్తుందో అటు తిప్పితే, 18 లక్స్ వచ్చింది. గాట్లు పడే చోట చెంప మీది వెలుగులో తొమ్మిదో వంతు మాత్రమే ఉందన్నమాట.

రెండో రోజు, సోమవారం

సాయంత్రం అద్దాల దుకాణానికి వెళ్లి వచ్చాను. యజమాని సమస్య మొత్తం విని, "గోడ నిండా అద్దం పెట్టేయండి సార్, దాని వెనకాల చుట్టూ ఎల్ఈడీ పట్టీ వేస్తే గదంతా వెలిగిపోతుంది" అన్నారు. వెనక నుంచి వెలుగు చిమ్మే ఒక నమూనా అద్దాన్ని వెలిగించి కూడా చూపించారు. చూడ్డానికి చాలా బాగుంది. దాని ముందు నిలబడి అక్కడే నా గడ్డం పైకెత్తి చూసుకుంటే మాత్రం ముఖం చీకటిగానే ఉంది. ఆ పట్టీ వెలుగంతా అద్దం వెనక గోడ మీద పడి, అంచుల చుట్టూ ఒక కాంతివలయంగా కనిపిస్తుంది తప్ప, మనిషి ముఖం దాకా వచ్చేది కొద్దిగానే.

అద్దం మీదికి నేరుగా వెలుగు చిమ్మే స్పాట్‌లైటు కూడా పనికిరాదు. సున్నం కొట్టిన గోడ మీద పడిన వెలుగు అన్ని దిక్కులకూ చెదురుతుంది కాబట్టి ఆ గోడే ఒక దీపంలా పనిచేస్తుంది. అద్దం అలా చేయదు, తన మీద పడిన వెలుగును ఒకే దిక్కుకు మళ్లించి పంపేస్తుంది. పై నుంచి వచ్చిన వెలుగు అద్దాన్ని తాకి గట్టు మీదికో నేల మీదికో పోతుంది. అందువల్ల వెలిగించవలసింది అద్దాన్ని కాదు, దాని ముందు నిలబడిన ముఖాన్ని. ముఖాన్ని వెలిగించాలంటే దీపం ముఖం ఎత్తులోనే, దానికి రెండు పక్కలా ఉండాలి. ఎడమ దీపం వేసే ముక్కు నీడను కుడి దీపం, కుడి దీపం వేసే నీడను ఎడమ దీపం చెరిపేస్తాయి.

ఇంటికి వచ్చి టేపు పట్టుకొని గోడ కొలిచాను. వాష్‌బేసిన్ ఉన్న గోడ వెడల్పు 54 అంగుళాలు. వాష్‌బేసిన్ సరిగ్గా మధ్యలో ఉంది. దుకాణంలో చెప్పినట్టు 48 అంగుళాల అద్దం పెడితే రెండు పక్కలా మిగిలేది మూడేసి అంగుళాలు. ఆ సందులో సన్న దీపాలు ఎలాగో ఇరికించినా, ఒక్కొక్కటి ముఖం మధ్యరేఖ నుంచి సుమారు 25 అంగుళాలు పక్కకు వెళ్లిపోతుంది. ముఖం అద్దానికి 20 అంగుళాల దూరంలోనే ఉంటుంది కాబట్టి, వెలుగు ఎదుటి నుంచి కంటే పక్క నుంచే ఎక్కువగా వస్తుంది. అలా వస్తే చెవులు, చెంపలు మెరుస్తాయి, పై పెదవి, గడ్డం మధ్యభాగం మసకగా ఉండిపోతాయి. అద్దం ఎంత పెద్దదైతే దీపాలు అంత దూరం జరుగుతాయన్న సంగతి నాకు ఇదివరకు తట్టలేదు. అద్దం కొలత, దీపాల చోటు రెండూ కలిపి తేల్చుకోవలసిన విషయం.

మూడో రోజు, మంగళవారం

అయితే అద్దం ఎంత ఉండాలి? పాఠశాలలో చదువుకున్న సంగతే ఇక్కడ పనికివచ్చింది. సమతల దర్పణంలో మనిషి తనను తాను చూసుకోవడానికి, చూడదలచిన భాగంలో సగం ఎత్తున్న అద్దం చాలు, దూరం ఎంతైనా ఈ లెక్క మారదు. వెనక్కి జరిగితే ఇంకా ఎక్కువ కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. వెనక్కి జరిగితే ప్రతిబింబం కూడా అంతే వెనక్కి జరుగుతుంది కాబట్టి లాభం ఉండదు.

తలుపు చట్రానికి ఆనించి ముగ్గురి ఎత్తులూ పెన్సిలుతో గుర్తుపెట్టాను. నా ఎత్తు 69 అంగుళాలు, కళ్లు 64 అంగుళాల దగ్గర ఉన్నాయి. నాన్నగారి ఎత్తు 63, కళ్లు 58న్నర. అమ్మ ఎత్తు 59, కళ్లు 54న్నర. అందరిలోకీ పొడుగైన నాకు నడినెత్తి కనిపించాలంటే అద్దం పై అంచు నా కళ్లకూ నెత్తికీ సరిగ్గా మధ్యన, అంటే 66న్నర అంగుళాల దగ్గర ఉంటే చాలు. అందరిలోకీ పొట్టి అయిన అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకునే చోటు దాకా, అంటే సుమారు 38 అంగుళాల ఎత్తు దాకా, చూసుకోవాలంటే కింది అంచు 54న్నరకూ 38కీ మధ్యన, 46 దగ్గర ఉండాలి. ఈ ఇంటికి నిజంగా కావలసిన అద్దం ఎత్తు 20, 21 అంగుళాలే. వెడల్పు లెక్క ఇంకా తక్కువ. నా భుజాల వెడల్పు 18 అంగుళాలు, అందులో సగం తొమ్మిది. కానీ ముఖం పక్కకు తిప్పి చెవి దగ్గరి గీత చూసుకోవడానికి, కొంచెం అటూ ఇటూ కదలడానికి వీలుండాలి కాబట్టి 24 అంగుళాలు అనుకున్నాను.

ఎత్తును మాత్రం 30 అంగుళాలుగా నిర్ణయించాను, కారణం అందం కాదు. పాత బల్బు పాయింటు 72 అంగుళాల ఎత్తున ఉంది. గోడలోపలి నుంచి వైర్ల పైపు వచ్చి అక్కడే ఆగుతుంది. అద్దాన్ని 44 అంగుళాల నుంచి 74 అంగుళాల వరకు పెడితే ఆ పాయింటు అద్దం వెనక దాగిపోతుంది, అక్కడి నుంచి రెండు పక్కలకూ వైరు తీసుకువెళ్లే గాడి కూడా చాలావరకు అద్దం వెనకే ఉంటుంది. టైల్స్ పగలగొట్టిన గుర్తులు బయటికి కనిపించవు. గట్టు 33 అంగుళాల దగ్గర ఉంది, అక్కడి నుంచి అద్దం కింది అంచుకు 11 అంగుళాల ఎడం ఉంటుంది కాబట్టి కుళాయి చిందులు అంచు దాకా చేరడమూ తగ్గుతుంది.

అయిదో రోజు, గురువారం

గోడ కొట్టే ముందు వెలుగును పరీక్షించి తీరాలని అనుకున్నాను. రెండడుగుల పొడవున్న 10 వాట్ల ఎల్ఈడీ పట్టీ లైట్లు రెండు కొని, పొడుగు వైర్లు కలిపి, పాత అద్దానికి రెండు పక్కలా గోడకు టేపుతో అంటించాను. ఈ తాత్కాలిక ఏర్పాటు ఉన్నంతసేపూ స్నానాల గదిలో నీటి చుక్క లేకుండా తుడిచి ఉంచాను, పని అవగానే ప్లగ్గు తీసేశాను. మధ్య నుంచి ఒక్కో దీపం 16 అంగుళాల పక్కకు, నేల నుంచి 48 అంగుళాల నుంచి 72 అంగుళాల వరకు నిలువుగా ఉంది. అలా నిలువుగా రెండడుగులు ఉండటంలో ఒక సౌకర్యం ఉంది. అమ్మ కళ్లు, నాన్నగారి కళ్లు, నా కళ్లు మూడూ ఆ రెండడుగుల మధ్యనే పడతాయి. చిన్న గుండ్రటి దీపం పెడితే ఒకరికి సరైన ఎత్తు మరొకరికి నుదుటి మీదో మెడ దగ్గరో అవుతుంది.

మనిషి ముఖం కదులుతూ ఉంటుంది కాబట్టి మొదట ఒక కోడిగుడ్డును ముఖం బదులు వాడాను. నీళ్లు నింపిన పొడుగు సీసాను స్టూలు మీద పెట్టి, దాని మూతి మీద గుడ్డును నిలబెట్టి, నాన్నగారి గడ్డం ఎత్తుకు తెచ్చాను. పాత బల్బు ఒక్కటే వెలిగించినప్పుడు గుడ్డు పై సగం తెల్లగా, కింది సగం బూడిదరంగుగా, రెండింటి మధ్యా గీత గీసినట్టు స్పష్టమైన ఎల్లతో కనిపించింది. పక్క దీపాలు రెండూ వెలిగించగానే ఆ గీత మాయమైంది. గుడ్డు అడుగున మాత్రం కొంత మసక మిగిలింది. ఎల్ల స్పష్టంగా ఉంటే అది గట్టి నీడ, ఎక్కడ మొదలైందో చెప్పలేని మసక అయితే మెత్తని నీడ. గడ్డం గీసేటప్పుడు బ్లేడు ఎక్కడ ఉందో తెలియకుండా చేసేది గట్టి నీడే.

అంకెల్లో చెప్పాలంటే చెంప దగ్గర 520 లక్స్, దవడ కింద 100 లక్స్ వచ్చాయి. దవడ కింద 18 నుంచి 100కు పెరగడం పెద్ద మార్పే, అయినా చెంపతో పోలిస్తే అది ఇంకా అయిదో వంతే. అప్పుడు నల్ల గ్రానైట్ గుర్తుకొచ్చి, గట్టు నిండా ఒక తెల్ల తువాలు పరిచాను. దవడ కింద అంకె 100 నుంచి 160కి పోయింది. దీపం మార్చలేదు, వాట్లు పెంచలేదు, ఒక తువాలు పరిచానంతే. గడ్డం కింది చర్మం కిందికే చూస్తుంది కాబట్టి దానికి వెలుగు కింది నుంచే రావాలి. తెల్ల వాష్‌బేసిన్, లేత రంగు గట్టు ఉన్న ఇళ్లలో ఈ పని ఎవరూ అడగకుండానే జరిగిపోతుంది. మా గట్టును ఇప్పుడు మార్చే ఉద్దేశం లేదు.

ఇదే పరీక్షలో అనుకోని సంగతి ఇంకొకటి బయటపడింది. రెండు దీపాలూ వెలిగి ఉన్నప్పుడు నాన్నగారి చెంప మీద నిన్నటి తెల్ల గడ్డం దాదాపు కనిపించలేదు. కుడి దీపాన్ని ఆపేయగానే, ఎడమ దీపం వెలుగు కుడి దవడ మీద ఏటవాలుగా పాకి, ఒక్కో వెంట్రుకకూ ఒక చిన్న నీడ వేసింది, మిగిలిపోయిన కుచ్చు చుక్కలు పెట్టినట్టు తేలింది. గీసుకోవడానికి నీడలేని వెలుగు మంచిది, గీసింది సరిగా వచ్చిందా అని చూసుకోవడానికి కొంచెం ఏటవాలు వెలుగే మంచిది. అందుకని రెండు దీపాలకూ ఒకే స్విచ్ పెట్టాలన్న ఆలోచన మానుకొని, వేరువేరు స్విచ్‌లు పెట్టాలని నిర్ణయించాను.

నాన్నగారు ఇవన్నీ చూస్తూ నిలబడి, "గుడ్డుకు గడ్డం గీస్తావా ఏమిట్రా" అన్నారు.

ఏడో రోజు, శనివారం

దీపాల కొనుగోలు జరిగింది, అందులో సగం తప్పు కూడా జరిగింది. టేపుతో అంటించిన పట్టీ లైట్లు ముఖం పక్కనే ఉంటే కళ్లలో గుచ్చుతున్నాయి. పలుచటి గీతలాంటి దీపం నుంచి అంత వెలుగూ వస్తే కంటికి ఇబ్బందే. కాబట్టి ఎనిమిది అంగుళాల వెడల్పు మించకుండా, పాలరంగు కవరు ఉన్న రెండడుగుల గోడ దీపాలు వెతికాను. దొరికినవాటి కవరు వెడల్పు మూడు అంగుళాలు. అంతే వెలుగు వెడల్పైన చోటు నుంచి వస్తుంది కాబట్టి నేరుగా చూసినా కంటికి బాధ తక్కువ, నీడల అంచులూ ఇంకొంచెం మెత్తబడతాయి.

తప్పు జరిగింది రంగు దగ్గర. దుకాణంలో మూడు రంగుల్లో వెలిగే దీపాలు ఇచ్చారు. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే పసుపు, మళ్లీ ఆపి వేస్తే లేత తెలుపు, ఆ తరవాత నీలం కలిసిన తెలుపు వస్తాయి. వినడానికి బాగుందని తీసుకున్నాను. ఇంటికి తెచ్చి రెండిటినీ కలిపి వెలిగించి, నాలుగైదుసార్లు గబగబా ఆపి వేస్తే, ఒకటి పసుపులోనూ మరొకటి తెలుపులోనూ నిలిచిపోయాయి. సగం ముఖం సాయంకాలం, సగం ముఖం మిట్టమధ్యాహ్నంలా తయారైంది. వేరువేరు స్విచ్‌లు పెట్టాలనుకున్న మాకు ఇవి అసలే కుదరవు. వాటిని తిరిగి ఇచ్చి, ఒకే రంగులో ఉండే 4000 కెల్విన్ దీపాలు తెచ్చాను.

4000 ఎందుకంటే, మన ఇళ్లలో వాడుకలో ఉన్న 6500 కెల్విన్ తెలుపు కింద చర్మం పాలిపోయినట్టు కనిపిస్తుంది, 3000 కెల్విన్ పసుపు కింద తెల్ల గడ్డానికీ చర్మానికీ తేడా తగ్గుతుంది. ఇది మా ఇంట్లో చూసి తేల్చుకున్నదే కానీ అందరికీ శాసనం కాదు. దీనికంటే ముఖ్యమైనది రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే గుణం, పెట్టె మీద దాన్ని సీఆర్ఐ అని ముద్రిస్తారు. మామూలు దీపాల మీద 80 అని ఉంటుంది, నేను 90 ఉన్నవి అడిగి తెచ్చాను. అమ్మ చేత ఒక పరీక్ష చేయించాను. అరచేతిలో కొంచెం కుంకుమ పోసుకొని మొదట బాల్కనీలో పగటి వెలుగులో, తరవాత పాత బల్బు కింద, ఆ తరవాత కొత్త దీపం కింద చూడమన్నాను. పాత బల్బు కింద కుంకుమ ఇటుకపొడిలా ఉందని, కొత్తదాని కింద కుంకుమలానే ఉందని ఆవిడ తీర్పు చెప్పారు. చర్మానికి ఉండే ఎరుపు సరిగ్గా కనబడితేనే గాటు ఏది, దద్దురు ఏది అన్న తేడా తెలుస్తుంది.

తొమ్మిదో రోజు, సోమవారం

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు ఇంటి మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మీది పరీక్ష మీట నొక్కి చూడమన్నాను, అది టక్కున పడింది. స్నానాల గదిలో ముఖానికి అంత దగ్గరగా దీపాలు పెడుతున్నప్పుడు ఇది పనిచేయడం తప్పనిసరి. దీపాలు కూడా చిందులు తట్టుకునే ఐపీ44 రకానివి, లోహపు భాగాలున్న వాటికి ఎర్త్ వైరు కలపాలి. పాత పాయింటులో ఫేజు, న్యూట్రల్ రెండే ఉన్నాయి, ఎర్త్ లేదు. గీజరు పాయింటు నుంచి ఆకుపచ్చ వైరును తీసుకొచ్చి కలపడానికి ఓ గంట పట్టింది. రెండో స్విచ్ కోసం ఇంకో ఫేజు వైరును కూడా అదే పైపులోంచి లాగాడు.

గాడి కొట్టే ముందు అతను ఒక పని చేశాడు, అది చూసి నేర్చుకున్నాను. గీజరు వేసి, వాష్‌బేసిన్ వేడినీళ్ల కుళాయిని అయిదు నిమిషాలు వదిలిపెట్టి, టైల్స్ మీద అరచేయి ఆనించి నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు. "ఇక్కడ వెచ్చగా ఉంది చూడండి సార్, పైపు ఇలా దిగుతోంది" అని మైనపు పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీత కుడి దీపం బిగించవలసిన చోటు మీదుగా దిగుతోంది. నేను ముందు రోజు గుర్తుపెట్టుకున్న రెండు మర రంధ్రాల్లో ఒకటి ఆ గీత మీదే పడుతుంది. రంధ్రాన్ని బయటి వైపుకు జరిపాము. చన్నీళ్ల పైపు ఇలా చేతికి తెలియదు కాబట్టి, అది వేడినీళ్ల పైపు పక్కనే దిగుతుందని అనుకొని ఆ పట్టీ మొత్తాన్ని వదిలేశాము.

పాత అద్దం తీస్తే వెనక ఒక కథ బయటపడింది. అద్దం వెండిపూత మీద ఆరు నల్లటి మచ్చలున్నాయి, అవి సరిగ్గా సిలికాన్ జిగురు ముద్దలు పెట్టిన చోట్లే. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది అద్దం వెనకపూతను తినేస్తుంది. ఈసారి న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్ నేనే కొని ఉంచాను. మేస్త్రీలు చేతికి ఏది దొరికితే అది వాడతారు, ఎందుకంటే బిగించిన రోజున రెండూ ఒకేలా ఉంటాయి, మచ్చలు తేలేది తరవాతెప్పుడో.

పదో రోజు, మంగళవారం

గాడిలో పైపు పెట్టి సిమెంటు పూశారు. పాత పాయింటు నుంచి కిందికి, అక్కడి నుంచి రెండు వైపులకూ, దాదాపు మొత్తం అద్దం వెనకే. అద్దం అంచుకూ దీపం అంచుకూ మధ్య ఒక్కో వైపు రెండున్నర అంగుళాల చొప్పున మాత్రమే కోసిన టైల్ బయటికి కనిపిస్తుంది. ఆరనివ్వాలి, ఇవాళ చేయడానికి ఇంకేమీ లేదు.

పన్నెండో రోజు, గురువారం

అద్దం వచ్చింది. 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం, నాలుగు అంచులకూ పాలిష్. రసమట్టం పెట్టి నాలుగు రంధ్రాలకు గుర్తులు పెట్టాము. టైల్ మీద మాస్కింగ్ టేపు అంటించి, డ్రిల్లింగ్ మిషనులో దెబ్బ కొట్టే మీటను ఆపేసి, టైల్స్‌కు వాడే బిట్టుతో నెమ్మదిగా తిప్పితే మొదటి మూడు రంధ్రాలు చక్కగా పడ్డాయి. నాలుగోదానికి అలసిపోయి కొంచెం గట్టిగా నొక్కాను. టైల్ మూలకు వెంట్రుకంత బీట వచ్చింది. అది అద్దం వెనకే కాబట్టి కనిపించదు, కానీ అది అక్కడ ఉందని నాకు తెలుసు.

అద్దానికీ గోడకూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉండేలా రబ్బరు బిళ్లలు పెట్టి, న్యూట్రల్ సిలికాన్ నిలువు గీతలుగా రాసి, స్టడ్డులు బిగించాము. అడ్డంగా రాస్తే పై నుంచి జారిన నీరు ఆ గీత మీద నిలిచిపోతుంది, నిలువుగా రాస్తే కిందికి జారిపోతుంది. కింది అంచును సిలికాన్‌తో మూసేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. లోపలికి చేరిన తేమ బయటికి పోవడానికి ఆ అంచు తెరిచి ఉండటమే మేలని నా అభిప్రాయం.

దీపాలు రెండూ బిగించి, చీకటి పడేదాకా ఆగి, వెలిగించి కొలిచాను. పాలరంగు కవరు కొంత వెలుగు మింగేసింది. చెంప దగ్గర 390, దవడ కింద 80, తెల్ల తువాలు పరిస్తే 125. పట్టీ లైట్లతో వచ్చిన అంకెల కంటే ఇవి తక్కువే, కానీ ఇప్పుడు దీపం వైపు కళ్లు చిట్లించకుండా చూడగలుగుతున్నాను. పాత బల్బుతో దవడ కింద 18 ఉండేదన్నది గుర్తుపెట్టుకుంటే ఇది చాలు.

పధ్నాలుగో రోజు, శనివారం

నాన్నగారు కొత్త దీపాల ముందు మొదటిసారి గడ్డం గీసుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. బుగ్గలు, పై పెదవి మామూలుగానే అయిపోయాయి. తల పైకెత్తి దవడ కిందికి వచ్చేసరికి ఆయన అలవాటు కొద్దీ అద్దం మీదికి వంగి, ముఖాన్ని దాదాపు పది, పన్నెండు అంగుళాల దగ్గరికి తీసుకువెళ్లారు. అలా వంగితే దీపాలు ముఖానికి ఎదుటి నుంచి తప్పుకొని చెవుల వైపుకు పోతాయి, గడ్డం మధ్యన మళ్లీ మసక కమ్ముతుంది. నేను వేసుకున్న లెక్కంతా 20 అంగుళాల దూరానికి. ఆయన ఎందుకు వంగుతున్నారో అడిగితే, "దూరంగా ఉంటే సరిగా ఆనదురా" అన్నారు.

ఇక్కడ నేను లెక్కలో వదిలేసిన విషయం ఒకటి ఉంది. అద్దానికి 20 అంగుళాల దూరంలో నిలబడితే, కంటికి ప్రతిబింబం 40 అంగుళాల దూరంలో ఉన్నట్టే. గడ్డం గీసుకునేటప్పుడు నాన్నగారు చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుంటారు. అవి సుమారు 16 అంగుళాల దూరంలోని పుస్తకానికి సరిపడేవి. ఆ కళ్లద్దాలతో ప్రతిబింబం స్పష్టంగా కనబడాలంటే ఆయన అద్దానికి ఎనిమిది అంగుళాల దగ్గరికి వెళ్లాలి. వంగడం ఆయన తప్పు కాదు, కళ్లద్దాల తప్పు. చదువుకునే కళ్లద్దాలు తీసి మామూలువి పెట్టుకోమన్నాను. కొంచెం సణిగారు, కానీ పెట్టుకున్నాక నిటారుగా నిలబడ్డారు. కొంత మసక ఇంకా ఉందట, మధ్యదూరానికి సరిపడే కళ్లద్దాల గురించి వచ్చే వారం కంటి డాక్టరును అడుగుతాము. మడత చేయి ఉన్న భూతద్దపు అద్దాన్ని కుడి దీపం పక్కన బిగిద్దామన్న ఆలోచన కూడా ఉంది, కానీ అది దీపానికి అడ్డం రాకుండా చూసుకోవాలి.

గీసుకోవడం అయ్యాక కుడి దీపాన్ని ఆపేయమన్నాను. ఎడమ దీపం వెలుగులో కుడి దవడ కింద మూడు నాలుగు వెంట్రుకలు తేలాయి. ఆయనే చూసుకొని, రేజరు మళ్లీ తడిపి తీసేశారు. తరవాత ఎడమది ఆపి కుడిది వేశారు. ఎడమ దవడ కింద ఏమీ లేదు. గాటు కూడా లేదు.

ఇరవై ఒకటో రోజు, శనివారం

వారం రోజుల వాడకంలో తేలిన సంగతులు. వేడినీళ్ల స్నానం తరవాత అద్దానికి ఆవిరి పడుతోంది. ఎగ్జాస్ట్ ఫ్యాను ముందుగానే వేసి, గడ్డం గీసుకోవడాన్ని స్నానానికి ముందుకు మార్చుకుంటే సరిపోయింది. దీపాల కింది అంచుల మీద సబ్బు నురుగు చుక్కలు ఎండి ఉంటున్నాయి, తడిగుడ్డతో తుడవాలంటే స్విచ్‌లు ఆపి తుడవాలని అమ్మకు రెండుసార్లు చెప్పాను. ఎడమ దీపం కుడిదాని కంటే కొంచెం ఎక్కువ వెలుగుతో ఉన్నట్టు అనిపించి మళ్లీ కొలిచాను. ఫోనులో తేడా కనిపించింది కానీ, అది దీపంలో తేడా కాదు, ఎడమ గోడ తెల్ల టైల్స్ నుంచి తిరిగివచ్చే వెలుగు. కుడి వైపు ముదురు రంగు తలుపు ఉంది. దానికి ఏమీ చేయదలచుకోలేదు.

తువాలు తడిసిపోతోందని నాన్నగారు దాన్ని తీసేసి, వంటింట్లోంచి ఒక తెల్ల పింగాణీ పళ్లెం తెచ్చి వాష్‌బేసిన్ పక్కన బోర్లించి, దాని మీద బ్రష్షు పెట్టుకుంటున్నారు. పళ్లెం ఉన్నప్పుడు దవడ కింద 110 వచ్చింది. గాడి మీద పూసిన ఎపాక్సీ గ్రౌట్ రంగు కుడి వైపు ఒక ఛాయ ముదురుగా ఉంది, మేస్త్రీ సోమవారం వచ్చి సరిచేస్తానన్నాడు.